509 కార్ల కేసు: పదిహేను నిమిషాల ప్రెజెంటేషన్‌ను ఎలా కట్టాలి

ఎంబీఏ మొదటి టర్మ్‌లో మా టీమ్ ఇచ్చిన తొలి కేసు ప్రెజెంటేషన్ నాకు ఇంకా గుర్తుంది. పద్దెనిమిది స్లైడ్లు. కంపెనీ చరిత్ర, పరిశ్రమ పరిమాణం, నాలుగు గళ్ల స్వాట్, ఐదు బాణాల బొమ్మ అన్నీ వరసగా వచ్చాయి. పన్నెండో నిమిషంలో ప్రొఫెసర్ చెయ్యెత్తి, "బాబూ, సోమవారం పొద్దున ఆఫీసుకెళ్లి ఈయన ఏం చెయ్యాలి?" అని అడిగారు. నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సిఫారసు పదిహేడో స్లైడులో ఉంది. అదీ "మార్కెటింగ్‌ను బలోపేతం చెయ్యాలి" అని.

తర్వాతి ఏళ్లలో నేనే అటువైపు కుర్చీలో కూర్చుని ఇలాంటి ప్రెజెంటేషన్లు చాలా విన్నాను. తప్పు ఎప్పుడూ ఒకేచోట జరుగుతుంది. పరిస్థితి విశ్లేషణ ఒక టీమ్ సభ్యుడు, ఆప్షన్లు ఇంకొకరు, సిఫారసు మూడో మనిషి విడివిడిగా చేసి, ముందు రోజు రాత్రి అతికిస్తారు. అతుకు కనిపిస్తుంది. పరిస్థితిలో చెప్పిన కారణానికీ, చివర ఇచ్చిన సలహాకూ చుట్టరికం ఉండదు.

ఈ మూడు ముక్కల్నీ ఒకే దారంతో ఎలా కుట్టాలో ఒక నిజమైన కేసు మీద చేసి చూపిస్తాను. కేసు టాటా నానో, లక్ష రూపాయల కారుగా పేరుపడ్డ చిన్న కారు. తేదీ 2010 డిసెంబర్ మొదటి వారం. నవంబర్ నెలలో దేశం మొత్తం మీద అమ్ముడైన నానోలు 509. అదే ఏడాది జులైలో దాదాపు 9,000. ఆ జూన్‌లోనే గుజరాత్‌లోని సాణంద్‌లో ఏడాదికి 2.5 లక్షల కార్లు చెయ్యగల ఫ్యాక్టరీ తెరిచారు. మీరు కంపెనీ కార్ల విభాగం అధిపతికి సలహా ఇవ్వాలి. పదిహేను నిమిషాలు మీవి, ఆ తర్వాత పది నిమిషాలు ప్రశ్నలు.

మొదటి పని: తేదీ దగ్గర గీత గియ్యండి

పాత కేసులతో ఒక చిక్కుంది. ఆ తర్వాత ఏమైందో మనకు తెలుసు. నానో తయారీ 2018లో దాదాపు ఆగిపోయిందని తెలుసు. "చవక కారు అనే ముద్రే దాన్ని ముంచింది" అన్న మాట ఎక్కడో చదివి ఉంటాం. దాంతో టీమ్ నేరుగా అక్కడికి దూకి, ఆ ముగింపుకి తగ్గ ఆధారాలు వెనక్కి ఏరుకుంటుంది. వినేవాళ్లకి ఇది ఇట్టే తెలిసిపోతుంది. పరీక్ష పేపరు ముందే చూసి రాసినట్టుంటుంది.

కాబట్టి కాగితం మీద "2010 డిసెంబర్" అని రాసి, కింద గీత గియ్యండి. గీతకి అటువైపు తెలిసిన సంగతి ఏదీ స్లైడు మీదకి రాకూడదు. గీతకి ఇటువైపు ఏం తెలుసో మాత్రం ఓపిగ్గా రాయండి. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో కారు చూపించారు. భూమి గొడవల వల్ల అదే ఏడాది అక్టోబర్‌లో పశ్చిమ బెంగాల్‌లోని సింగూర్ వదిలి గుజరాత్ వెళ్లారు. 2009 ఏప్రిల్‌లో బుకింగ్‌లు తీసుకుంటే రెండు లక్షలకు పైగా వచ్చాయి. అందులోంచి లాటరీ తీసి మొదటి లక్ష మందిని ఎంపిక చేశారు. 2009 జులైలో మొదటి కారు చేతికిచ్చారు. 2010 ఆగస్టు నుంచి ఒక్కో రాష్ట్రంలో బుకింగ్ లేకుండా నేరుగా అమ్మడం మొదలైంది. ఈ మధ్యలో కొన్ని కార్లకి మంటలంటుకున్న వార్తలు వచ్చాయి. నవంబర్‌లో కంపెనీ పాత కార్లకి ఉచితంగా అదనపు భద్రతా భాగాలు బిగిస్తామంది.

ఇప్పుడు ఒక్క వాక్యంలో ప్రశ్న రాయండి. "నానో ఎందుకు విఫలమైంది?" అన్నది ప్రశ్న కాదు, అది శవపరీక్ష. ప్రశ్నలో ఒక మనిషి, ఒక గడువు, ఒక నిర్ణయం ఉండాలి. నేనైతే ఇలా రాస్తాను: "రాబోయే ఆరు నెలల్లో నెలకి 509 నుంచి కనీసం 8,000 కార్లకి చేరాలంటే, కార్ల విభాగం అధిపతి తన డబ్బునీ మనుషుల్నీ దేని మీద పెట్టాలి?" ఈ 8,000 నేను పెట్టుకున్న గురి. ఫ్యాక్టరీ నెలకి సుమారు 20,800 చెయ్యగలదు, అందులో నలభై శాతం కంటే కాస్త తక్కువ. మీరు వేరే గురి పెట్టుకోవచ్చు. అయితే ఎందుకు అంతో ఒక ముక్కలో చెప్పగలగాలి.

పరిస్థితి విశ్లేషణ: అంకెని విప్పి చూడండి

చాలా టీమ్‌లు 9,000 నుంచి 509కి జారుడుబల్లలాంటి గ్రాఫ్ వేసి, "డిమాండ్ కుప్పకూలింది" అని శీర్షిక పెడతాయి. గ్రాఫ్ నిజమే, శీర్షికే తొందరపాటు.

ముందు ఆ 509 ఏమిటో అడగండి. మన దేశంలో కార్ల కంపెనీలు నెలనెలా ప్రకటించే అమ్మకాలు సాధారణంగా ఫ్యాక్టరీ నుంచి డీలర్లకి పంపిన లెక్క. ఇంటికి కారు తీసుకెళ్లిన కస్టమర్ల లెక్క అది కాదు. డీలర్ దగ్గర పాత స్టాకు పేరుకుపోతే, కంపెనీ ఆ నెల పంపడం తగ్గిస్తుంది. అంటే నవంబర్‌లో షోరూముల్లో 509 కంటే ఎక్కువే అమ్ముడై ఉండొచ్చు. ఈ ఒక్క మాట చెప్పిన టీమ్‌ని ప్రొఫెసర్ వెంటనే సీరియస్‌గా తీసుకుంటారు.

తర్వాత ఆ 9,000 ఏమిటో అడగండి. జులై దాకా కారు తీసుకున్నవాళ్లు లాటరీ క్యూలో ఉన్నవాళ్లు. ఏడాది ముందు డబ్బు కట్టి ఎదురు చూస్తున్నవాళ్లు. నవంబర్‌లో కొనాల్సినవాళ్లు షోరూములోకి కొత్తగా నడిచొచ్చే మనుషులు. వీళ్లు వేరు, వాళ్లు వేరు. కాబట్టి అసలు సంగతి డిమాండ్ పడిపోవడం కాదు. క్యూ పలచబడ్డాక, మామూలు బజారులో ఈ కారుని ఎలా అమ్మాలో కంపెనీకి ఇంకా చేతకాలేదు. పరిస్థితి విశ్లేషణ అంతా కలిపి ఈ ఒక్క వాక్యం కోసమే. ఇదొస్తే మిగతా దారి తెరుచుకుంటుంది. ఇది రాకుండా స్వాట్ గళ్లు ఎన్ని నింపినా ఉపయోగం లేదు.

ఇక్కడి నుంచి కారణంలోకి దిగాలి. బజారులో ఎందుకు అమ్ముడు పోవట్లేదు? క్లాసులో నాలుగు జవాబులు వినిపిస్తాయి: మంటల భయం, అప్పు దొరకకపోవడం, స్కూటరు మీద వచ్చిన మనిషి గాజు తలుపుల కార్ల షోరూములోకి అడుగు పెట్టడానికే జంకడం, "పేదవాడి కారు" అన్న చిన్నచూపు. నాలుగూ నమ్మదగ్గవే. నాలుగూ రాసి నాలుగు చుక్కలు పెడితే అది విశ్లేషణ అనిపించుకోదు, జాబితా అవుతుంది. "అన్నీ కొంత కొంత" అంటే సిఫారసు కూడా అన్నీ కొంత కొంతగానే వస్తుంది.

కారణాల్ని విడదీయడానికి నేను వాడే పద్ధతి చెబుతాను. ఒక్కో కారణం నిజమైతే, ఎక్కడ ఏం కనిపించాలో రాయండి. మంటల భయమే అసలు కారణమైతే, నగదు పెట్టి కొనేవాళ్లూ అప్పు మీద కొనేవాళ్లూ ఒకేలా తగ్గాలి. పెద్ద నగరంలోనూ చిన్న ఊళ్లోనూ ఒకేలా తగ్గాలి, ఎందుకంటే టీవీ అందరి ఇంట్లోనూ ఉంది. అప్పు దొరకకపోవడమే కారణమైతే, షోరూముకి వచ్చి అడిగేవాళ్లు ఉంటారు, టెస్ట్ డ్రైవ్ చేసేవాళ్లూ ఉంటారు, కారు బిల్లయ్యే చోట మాత్రం లెక్క తెగిపోతుంది. జీతం స్లిప్పు లేని కిరాణా కొట్టు యజమాని, ఆటో నడిపేవాడు, మేస్త్రీ బ్యాంకు గడప దగ్గర ఆగిపోతారు. షోరూము జంకే కారణమైతే, అడిగేవాళ్లే రారు, లెక్క మొదట్లోనే సన్నగా ఉంటుంది. చిన్నచూపే కారణమైతే, వచ్చినవాళ్లు నానో చూసి, పక్కనున్న ఇంకో బ్రాండు షోరూములో లక్ష ఎక్కువ పెట్టి మరో చిన్న కారు కొంటారు.

మీ కేసు వెనక ఉన్న పట్టికల్లో ఈ గుర్తుల కోసం వెతకండి. రాష్ట్రాల వారీ అంకెలుంటే అవి చాలు. బ్యాంకులు ఎన్ని దరఖాస్తులు తిప్పికొట్టాయో ఉంటే మరీ మంచిది. ఏదీ లేకపోతే, "ఈ గుర్తు చూడడానికి పట్టికల్లో అంకె లేదు, అందుకే దీన్ని ఊహగా పెట్టుకుంటున్నాం, మొదటి నెలలోనే ఇలా సరిచూస్తాం" అని స్లైడు మీదే రాయండి. అంకె లేదని ఒప్పుకున్నందుకు నేనెప్పుడూ మార్కులు తియ్యలేదు. లేని అంకె ఉన్నట్టు మాట్లాడినందుకు తీశాను.

మన నడక కోసం ఒక నిర్ధారణకి వద్దాం: కొనాలనుకుని వచ్చిన మనిషి అప్పు దగ్గరా, నమ్మకం దగ్గరా ఆగిపోతున్నాడు. ముఖ్య కారణం అప్పు. మంటల భయం దానికి తోడై, "అప్పు చేసి మరీ ఇది కొనాలా?" అనిపిస్తోంది. ఈ రెండిట్లో ఏది ముందో చెప్పాం చూడండి, అక్కడే ధైర్యం కావాలి.

ఆప్షన్లు: గడ్డిబొమ్మల్ని నిలబెట్టకండి

తెలిసిన మోసం ఒకటుంది. తనకి నచ్చిన ఆప్షన్ ఒకటి, దాని పక్కన ఎవడూ ఒప్పుకోని రెండు గడ్డిబొమ్మలు. "ఫ్యాక్టరీ మూసెయ్యడం", "ఏమీ చెయ్యకపోవడం", "మా సలహా". ఆప్షన్ల భాగం పుట్టిందే వినేవాడి మనసులో ఉన్న జవాబుని మర్యాదగా ఎదుర్కోవడానికి. గదిలో కనీసం ఒకరు ప్రతి ఆప్షన్‌నీ నిజంగా సమర్థించేలా ఉండాలి. లేదంటే దాన్ని తీసెయ్యండి.

నానోకి నేను మూడు పెడతాను. ఒకటి, ధర తగ్గించడం: పది వేలు తగ్గింపు ప్రకటించి, "లక్ష కారు" మాటని మళ్లీ నిలబెట్టడం. రెండు, కొనేవాణ్ణి మార్చడం: స్కూటరు కుటుంబాన్ని వదిలేసి, ఇప్పటికే ఒక కారున్న నగరపు ఇంటికి రెండో కారుగా, కాలేజీ పిల్లల కారుగా అమ్మడం, రంగులూ హంగులూ పెంచడం. మూడు, కొనే దారి బాగుచెయ్యడం: అదే స్కూటరు కుటుంబాన్ని పట్టుకుని, అప్పు సులువు చెయ్యడం, వారంటీ పెంచడం, చిన్న ఊళ్లలో చిన్న అమ్మకపు కేంద్రాలు పెట్టడం.

"ఏమీ చెయ్యకపోవడం" సంగతేంటి అంటారా? దాన్ని ఆప్షన్‌గా కాదు, కొలబద్దగా వాడండి. ఏమీ చెయ్యకపోతే ఆరు నెలల్లో ఏమవుతుందో ఒక వాక్యం చెప్పి, మిగతా మూడింటినీ దాంతో పోల్చండి.

ఇక ప్రమాణాలు. మూడు చాలు, నాలుగు దాటొద్దు. ఈ ప్రమాణాలు గాల్లోంచి రాకూడదు, మీరు రాసుకున్న ప్రశ్నలోంచే రావాలి. మన ప్రశ్నలో ఆరు నెలలు ఉంది, కాబట్టి "ఆరు నెలల్లో ఫలితం కనిపిస్తుందా" అన్నది ఒకటి. కారణం అప్పు అన్నాం, కాబట్టి "ఆ కారణాన్ని తాకుతుందా" అన్నది రెండోది. మూడోది, "తప్పని తేలితే వెనక్కి రాగలమా". ధర ఒకసారి తగ్గిస్తే మళ్లీ పెంచడం కష్టం. వారంటీ పథకం వచ్చే ఏడాది కొత్త కార్లకి ఆపెయ్యొచ్చు.

ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చుక్కల పట్టికలు చూసి చూసి నా కళ్లు అరిగాయి. చుక్క బదులు గడిలో నాలుగు మాటలు రాయండి. "నెలసరి వాయిదా పెద్దగా మారదు" అని రాస్తే మీరు ఆలోచించారని తెలుస్తుంది. పసుపు చుక్కకి అర్థం చెప్పేలోపు నిమిషం పోతుంది. ప్రమాణాలకి ముప్పై శాతం, ఇరవై శాతం అని బరువులు వేసి 3.85, 3.60 అని మార్కులు తేల్చడం ఇంకా ప్రమాదం. "ఆ ముప్పైని ఇరవై ఐదు చేస్తే ఎవరు గెలుస్తారు?" అన్న ఒక్క ప్రశ్నతో మొత్తం కూలిపోతుంది. నేను అడిగాను, కూలింది.

సిఫారసు: ఒక లెక్కతో నిలబెట్టండి

సిఫారసు స్లైడు శీర్షిక ఒక పూర్తి వాక్యం కావాలి. "సిఫారసు" అని కాదు. "ధర ముట్టుకోకండి, అప్పు గడువు పెంచి, వారంటీ ఇచ్చి, స్కూటరు కుటుంబానికే అమ్మండి" అని. వినేవాడు ఆ ఒక్క లైను చదివి గది బయటికి వెళ్లిపోయినా మీ జవాబు ఏమిటో అతనికి తెలియాలి.

దాని వెనక ఒక లెక్క ఉండాలి. పది కాదు, ఒకటి. మీ జవాబు ఏ లెక్క మీద ఆధారపడిందో అదే. మన కేసులో ధర తగ్గింపుకీ అప్పు గడువుకీ మధ్య పోటీ కాబట్టి, లెక్క నెలవాయిదా మీద ఉండాలి. లక్ష రూపాయల అప్పు, 14 శాతం వడ్డీ అనుకుందాం. ఈ వడ్డీ నేను పెట్టుకున్నది, మీ కేసులో వేరేది ఉంటే మార్చుకోండి. ఎక్సెల్‌లో మూడు గడులు:

```
=PMT(14%/12,36,-100000)
=PMT(14%/12,36,-90000)
=PMT(14%/12,60,-100000)
```

మొదటిది మూడేళ్ల అప్పు: నెలకి సుమారు 3,418 రూపాయలు. రెండోది పది వేలు ధర తగ్గించాక అదే మూడేళ్లు: 3,076. మూడోది ధర తగ్గించకుండా గడువు ఐదేళ్లు చేస్తే: 2,327. పది వేల తగ్గింపు నెలకి 342 రూపాయలు తగ్గిస్తుంది. గడువు పెంచడం 1,091 తగ్గిస్తుంది. నెల జీతం చూసుకుని కొనే ఇంటికి రెండో అంకె మూడు రెట్లు పెద్దది. కంపెనీవైపు నుంచి చూస్తే, నెలకి 8,000 కార్లు అమ్మితే పది వేల తగ్గింపు ఖరీదు నెలకి ఎనిమిది కోట్లు. ఇంత చవక కారులో ఒక్కోదానికి ఆ పది వేలు లాభంలోంచి తియ్యాలా, ఇనుములోంచి తియ్యాలా?

ఈ నాలుగైదు అంకెలు ఒకే స్లైడు మీద పెట్టి, నిమిషంన్నర ఆగి చెప్పండి. మొత్తం ప్రెజెంటేషన్‌లో అందరూ పెన్ను పట్టుకునే చోటు ఇదే. ఇక్కడ పరుగెత్తకండి.

తర్వాత ఎవరు, ఎప్పుడు, ఏం చేస్తారో. ఇది తేదీలతో ఉండాలి, లేకపోతే మళ్లీ "బలోపేతం చెయ్యాలి" దగ్గరికే వస్తాం. డిసెంబర్‌లో: నాలుగేళ్లు లేదా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ప్రకటన, పాత కస్టమర్లకి కూడా వర్తించేలా. జనవరిలో: రెండు బ్యాంకులతోనో ఫైనాన్స్ కంపెనీలతోనో ఒప్పందం, జీతం స్లిప్పు లేనివాళ్లకి ఏ కాగితాలు చాలో రాతపూర్వకంగా. ఫిబ్రవరి నుంచి: రెండు రాష్ట్రాల్లో చిన్న ఊళ్లలో చిన్న కేంద్రాలు, ముందు ఇరవై మాత్రమే. ఆ ఊళ్లలో అడిగినవాళ్లు ఎందరు, కొన్నవాళ్లు ఎందరు అన్న లెక్క వారం వారం రావాలి. మంటల భయం రెండో కారణమే అన్నా, దానికి మందైన వారంటీ ముందొచ్చింది. ఎందుకంటే చవకలో త్వరగా అయ్యే పని అదే. చిన్న కేంద్రాలు చివర్లో ఉన్నాయి, ఎందుకంటే వాటికి డబ్బు కావాలి, అప్పు దారి తెరుచుకోకుండా అవి ఖాళీగానే ఉంటాయి. ఈ వరసకి కారణం మాటల్లో చెప్పండి. చాలామంది పనుల పట్టిక చూపించి, వరస ఎందుకు ఇలా ఉందో చెప్పకుండా వదిలేస్తారు.

నిలబెట్టుకోవడం: మీ జవాబు ఎక్కడ విరుగుతుందో మీరే చూపించండి

ఐదేళ్ల అప్పు లెక్క విన్నాక చురుకైన శ్రోత వెంటనే అంటాడు: "మొత్తంగా కస్టమర్ ఎక్కువ కడుతున్నాడు కదా?" అవును. మూడేళ్లకి మొత్తం సుమారు 1,23,000, ఐదేళ్లకి 1,39,600. పదహారు వేల ఐదొందల పైచిలుకు అదనపు వడ్డీ. ఈ అంకె మీ దగ్గర ముందే ఉండాలి, అతను అడిగాక ఫోన్ తీసి లెక్కపెట్టకూడదు. ఇంకో సంగతి: ఐదేళ్ల గడువు మధ్యలో ఎప్పుడైనా చిన్న కారుకి మిగిలే విలువ బాకీ కంటే తక్కువైతే, మనిషి వాయిదా మానేసి కారు వదిలేసే ప్రమాదం పెరుగుతుంది. ఆ నష్టం బ్యాంకుదా, కంపెనీదా? బ్యాంకు ఒక్కటే మోయదు. కాబట్టి కంపెనీ మొదటి కొంత నష్టం తను భరిస్తానని చెప్పాల్సి రావచ్చు. ఈ ఖర్చు మీ సిఫారసులో కలపండి. కలిపాక కూడా ధర తగ్గింపు కంటే మేలైతే మీ జవాబు నిలబడుతుంది. కాకపోతే జవాబు మార్చుకోండి, ప్రెజెంటేషన్‌కి ముందే.

దీన్నే నేను "మాది తప్పయ్యే చోటు" స్లైడు అంటాను. రెండే లైన్లు. ఒకటి: అడిగిన వందమందిలో అప్పు దగ్గర ఆగినవాళ్లకంటే, "ఆ కారు వద్దులే" అని వెళ్లిపోయినవాళ్లు ఎక్కువని జనవరిలో తేలితే, మా నిర్ధారణ తప్పు, అప్పుడు రెండో ఆప్షన్‌కి మారతాం. రెండు: మార్చి చివరికి నెలకి 5,000 దాటకపోతే, చిన్న కేంద్రాల డబ్బు ఆపేస్తాం. ఇలా చెప్పడం బలహీనత అనుకుని చాలా టీమ్‌లు భయపడతాయి. నా అనుభవంలో ప్రశ్నల సమయంలో దెబ్బలు సగం ఈ స్లైడుతోనే తగ్గుతాయి, ఎందుకంటే అడగబోయేది మీరే అడిగేశారు.

ప్రశ్నలకి జవాబిచ్చేటప్పుడు మరో అలవాటు చేసుకోండి. ఎవరైనా "రెండో ఆప్షన్ ఎందుకు కాదు?" అంటే, "సార్, మంచి పాయింట్" అని మొదలుపెట్టి అది కూడా కలిపేస్తామనకండి. రెండో ఆప్షన్‌కి కారుని మార్చాలి, కారు మార్చడానికి ఆరు నెలలు చాలవు, మన ప్రశ్న ఆరు నెలల గురించి, అని చెప్పండి. ఏడాదిన్నర గడువుంటే మేమూ దాన్నే ఎంచుకునేవాళ్లమేమో అని ఒప్పుకున్నా తప్పులేదు. ప్రమాణం మీద నిలబడండి, ఆప్షన్ మీద కాదు.

"చరిత్రలో మీ దారే పట్టారు, ఏమైంది మరి?" అని కూడా అడుగుతారు. నిజమే. కంపెనీ ఆ డిసెంబర్‌లోనే వారంటీ పెంచింది, అప్పు ఒప్పందాలు చేసుకుంది. అమ్మకాలు లేచాయి, 2011-12లో దాదాపు 74,500 కార్లు అమ్మారు. కానీ 2.5 లక్షల ఫ్యాక్టరీలో అది ముప్పై శాతమే, తర్వాత మళ్లీ తగ్గాయి. దీనికి గీత దాటి జవాబు చెప్పొచ్చు, అడిగింది వాళ్లు కాబట్టి: అప్పు దారి బాగుచేస్తే ఆగిపోయినవాళ్లు కొన్నారు, కానీ ఫ్యాక్టరీ నిండేంతమంది ఆ దారిలో లేరు. ఆరు నెలల ప్రశ్నకి మా జవాబు సరే, మూడేళ్ల ప్రశ్న వేరే.

స్లైడ్లూ నిమిషాలూ

ఎనిమిది స్లైడ్లు మించొద్దు. మొదటి స్లైడు మీదే ప్రశ్న, జవాబు రెండూ ఉండాలి, దానికి ఒక నిమిషం. సస్పెన్స్ సినిమాకి బాగుంటుంది. తర్వాత పరిస్థితికి రెండు (509 ఏమిటో ఒకటి, కారణం ఎలా తేల్చామో ఒకటి), నాలుగు నిమిషాలు. ఆప్షన్లకి ఒకటే స్లైడు, మూడు నిమిషాలు. సిఫారసు, వాయిదాల లెక్క, నెలల పనులు, తప్పయ్యే చోటు కలిపి నాలుగు స్లైడ్లు, ఆరు నిమిషాలు. ఒక నిమిషం మిగులుతుంది, ప్రొజెక్టర్ వైరు వెతుక్కోవడానికి.

తయారయ్యే వరస మాత్రం చెప్పే వరసకి తిరగబడి ఉంటుంది. ముందు వాయిదాల లెక్క, తర్వాత తప్పయ్యే చోటు, ఆపై ఆప్షన్లు, చివరికి పరిస్థితి. పరిస్థితి స్లైడ్లు ఆఖర్లో చేస్తే, ఏ అంకె తర్వాత పనికొస్తుందో మీకు అప్పటికే తెలుసు కాబట్టి సింగూర్ మీద రెండు స్లైడ్లు వెయ్యరు. సింగూర్ కథ ఎంత ఆసక్తిగా ఉన్నా, మూడు ఆప్షన్లలో దేన్నీ అది గెలిపించదు, ఓడించదు. ఒక వాక్యం చాలు.

అన్నీ అయ్యాక ఈ పరీక్ష చెయ్యండి. స్లైడ్లు ప్రింట్ తీసి, శీర్షికలు మాత్రం మిగిలేలా కింద భాగం కాగితంతో మూసి, కేసు చదవని స్నేహితుడి చేత వరసగా చదివించండి. ఎనిమిది వాక్యాలు వరసగా విన్నాక, "అయితే ధర ఎందుకు తగ్గించొద్దంటున్నారు?" అని అతను అడిగితే మీ అతుకులు కుదిరినట్టు. "ఇంతకీ ఏం చెయ్యమంటారు?" అని అడిగితే, మా మొదటి టర్మ్ టీమ్ దగ్గరికే వచ్చారన్నమాట, ఆ రాత్రి ఇంకా నిద్రపోకండి.